పొద్దున బరువు, మధ్యాహ్నం తేలిక: ఒక తొక్కుడు మిషను కేసు

డిసెంబరు రెండో వారంలో ఒక రాత్రి ఫోను వచ్చింది. అవతల పెద్దావిడ గొంతు.

"నాయనా, మా మిషను వెనక్కి తిరిగిపోతోంది. దారం తెంపేస్తోంది. మిషను బంగారంలాంటిదేలే, మా పిల్లకే కాలు కుదరట్లేదు. అయినా ఓసారి వచ్చి చూసిపో."

నాది నర్సాపురం. ముప్పై ఏళ్లుగా కుట్టు మిషన్లు బాగుచేస్తున్నాను. కొన్నాళ్లు టైలరింగ్ నేర్పించాను కూడా. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ మంది "మిషను పాడైంది, మేమేం చెయ్యలేదు" అంటారు. మిషనుది తప్పు లేదు, మనిషిదే తప్పు అని చెప్పి పిలిచినవాళ్లు తక్కువ. ఈ కేసులో చివరికి తేలిందేమిటంటే, తప్పు రెండు చోట్లా ఉంది. ఒకదాని వెనక ఒకటి దాక్కుంది. నేర్చుకుంటున్న పిల్ల తడబడుతుంటే అది కాలి తప్పా మిషను తప్పా అని ఎలా విడదీయాలో ఈ ఇంట్లో చాలా స్పష్టంగా కనబడింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. వాళ్ల పేర్లు రాయను. మామ్మ, మనవరాలు అంటే చాలు.

మర్నాడు తెల్లవారుజామునే రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి వైపు దిగాను. మంచు బాగా పడుతోంది. అక్కడి నుంచి రాజోలు వెళ్లే దారిలో, కాలవ గట్టు పక్కన కొబ్బరి తోటలో ఇల్లు. ఏడున్నరకి చేరాను. మామ్మగారు వసారాలో పీట మీద కూర్చుని ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. ఒక కంటికి శుక్లం ఆపరేషను అయింది, రెండో కంటికి ఇంకా కాలేదు. మనవరాలు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. కాలేజీ బస్సుకి ఇంకా గంట టైముందని మిషను ముందే కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి పక్కకి తప్పుకుంది. ముఖంలో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

మిషను నల్ల తల, ఇనప స్టాండు, తోలు బెల్టు ఉన్న పాతకాలం తొక్కుడు మిషను. మామ్మగారు వయసులో ఉన్నప్పుడు లేసు అల్లేవారట. మా నర్సాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఇంట్లో కూర్చుని కొంకి సూదితో లేసు అల్లని ఆడవాళ్లు ఆ రోజుల్లో తక్కువే. ఆ డబ్బు కూడబెట్టి 1979లో ఈ మిషను కొన్నారు. 1986 వరదకి ఊళ్లోకి నీళ్లు వస్తున్నాయంటే, వెనక రెండు మరలు వదులు చేసి తల ఊడదీసి అటక మీద పెట్టారు. స్టాండు మాత్రం నీళ్లలోనే ఉండిపోయింది. ఆ తుప్పు మచ్చలు పెడల్ అంచున ఇప్పటికీ ఉన్నాయి. కళ్లు మసకబారాక మూడేళ్ల పాటు మిషను మీద పాత చీర కప్పి ఉంచారు. మొన్న దసరాకి మనవరాలు నేర్చుకుంటానంటే మళ్లీ తీశారు.

నేను మిషను ముట్టుకోకముందే ఒక మాట అడిగాను. "మామ్మగారూ, పిల్లకి ఎలా నేర్పారో మొదటి నుంచి చెప్పండి."

ఆవిడ నేర్పిన పద్ధతి విని నాకు చాలా సంతోషం వేసింది. మొదటి ఎనిమిది రోజులు తల మీద బెల్టే వెయ్యలేదు. ఒట్టి పెడల్. కుడి పాదం కాస్త ముందుకి, ఎడమ పాదం కాస్త వెనక్కి. ముందు పాదం వేళ్లతో ఒక నొక్కు, వెనక పాదం మడమతో ఒక నొక్కు. కింద చక్రం ఒకే వైపుకి, ఒకే జోరుతో తిరగాలి. మామ్మగారికి చక్రం సరిగా కనబడదు కాబట్టి పక్కన పీట వేసుకుని పిల్ల మోకాలి మీద అరచెయ్యి వేసి కూర్చునేవారు. "మోకాలు ఒక్కసారిగా ఎగిరిందంటే కాలు తన్నింది. మెల్లగా లేచి మెల్లగా దిగిందంటే తొక్కింది. చక్రం తన్నితే తిరగదు, తొక్కితే తిరుగుతుంది" అన్నారు. నేను నేర్పించిన రోజుల్లో కళ్లతో చూసి కూడా ఇంత బాగా పట్టుకోలేకపోయాను.

తరవాత బెల్టు వేసి, దారం లేకుండా, గీతల కాగితం మీద కుట్టించారు. దారం ఉండదు కాబట్టి తెగే గొడవ లేదు, సూది ఎటు పోతోందో కన్నాలు చెప్పేస్తాయి. గీత మీదే పోవాలి. మూల వచ్చినప్పుడు సూది కాగితంలో దింపి, గుడ్డని నొక్కి పట్టే ఫుట్ ఎత్తి, కాగితం తిప్పి, మళ్లీ ఫుట్ దించాలి. కాగితానికి సూది మొన మొద్దుబారుతుందని దానికి విడిగా ఒక పాత సూది కేటాయించారు. ఇంత జాగ్రత్తగా నేర్పిన పిల్లకి రెండు నెలల తరవాత కాలు కుదరకపోవడం ఏమిటన్నది నాకు అక్కడే అనుమానం వచ్చింది. తొక్కడం ఒకసారి కాలికి పట్టుబడితే సైకిలు లాంటిది, అంత తొందరగా పోదు.

"మొదట్లో బాగా వచ్చేదండీ. దీపావళి దాకా బానే తొక్కాను. తరవాత్తరవాత పాడైపోయింది. నేర్చుకునే కొద్దీ మర్చిపోతున్నాను" అంది పిల్ల. ఆ మాట అంటుంటే గొంతు పూడుకుపోయింది.

"ఆ కాగితాలు ఉన్నాయా అమ్మా?"

ఉన్నాయి. రికార్డు రాసే అలవాటు వల్ల కాబోలు, ప్రతి కాగితం మీదా తేదీ వేసి, క్లిప్పు పెట్టి దాచింది. గుడ్డ మీదకి మారాక కూడా మధ్యమధ్య కాగితం మీద సాధన మానలేదు. వసారా గట్టు మీద వరసగా పరిచి చూశాను. అక్టోబరు కాగితాల్లో కన్నాలు చక్కగా, ఒకే దూరంలో ఉన్నాయి. నవంబరు చివరి నుంచి కొన్ని కాగితాల్లో అక్కడక్కడ రెండు మూడు కన్నాలు ఒకదాని మీద ఒకటి పడి కాగితం చిరిగింది. కానీ అన్ని కాగితాల్లోనూ కాదు. మధ్యలో కొన్ని అక్టోబరులో లాగే శుభ్రంగా ఉన్నాయి.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. కుట్టు పొడవు మనం తొక్కే వేగాన్ని బట్టి మారదు. గుడ్డని లాగే పళ్లూ, సూదీ ఒకే ఇరుసు మీద కలిసి నడుస్తాయి. మెల్లగా తొక్కినా గబగబా తొక్కినా సూది ఒకసారి దిగితే పళ్లు ఒక అడుగే వేస్తాయి. కాబట్టి కన్నాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయంటే చక్రం ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకి వచ్చిందన్నమాట. వెనక్కి తిరిగినప్పుడు పళ్లు కాగితాన్ని కూడా వెనక్కే లాగుతాయి. దారం ఉంటే అదే క్షణంలో కింద, పైదారం ఉచ్చుని అందుకునే షటిల్ దగ్గర చుట్టుకుని తెగుతుంది. అంటే దారం తెగడం వేరే జబ్బు కాదు, చక్రం వెనక్కి తిరగడమే అసలు జబ్బు.

శుభ్రంగా ఉన్న కాగితాల తేదీలు చూపించి, ఇవి ఏ రోజులు అని అడిగాను. పిల్ల ఫోనులో క్యాలెండరు తీసి చూసింది. అన్నీ ఆదివారాలే.

"మామూలు రోజుల్లో ఎప్పుడు కుడతావు?"

"పొద్దున్నే ఆరింటికి, బస్సు వచ్చేలోగా. ఆదివారం మాత్రం అన్నం తిన్నాక."

వారంలో ఆరు రోజులు కుదరని కాలు ఆదివారం మధ్యాహ్నం ఎలా కుదురుతుంది? ఇక మిషను మీద చెయ్యి వేశాను.

ముందుగా బెల్టు. బెల్టు మరీ బిగుతుగా ఉన్నా మిషను బరువెక్కుతుంది, మరీ వదులైతే జారుతుంది. మధ్యలో వేలితో నొక్కితే కాస్త లోపలికి వంగాలి. ఇది అలాగే ఉంది. బెల్టు తీసేసి కింద చక్రం ఒక్కటే తొక్కి వదిలాను. పాదాలు తీసేశాక కూడా అది దానంతటదే కొన్ని చుట్లు తిరిగింది. స్టాండులో లోపం లేదు. తరవాత తల పక్క చక్రం చేత్తో తిప్పాను. గట్టిగా ఉంది. పిండిలో చెయ్యి పెట్టి తిప్పుతున్నట్టుంది. చక్రం మధ్యలో ఉండే గుండ్రటి నాబు, బాబిన్ చుట్టేటప్పుడు వదులు చేస్తామే, అది వదులు చేసి తిప్పితే చక్రం ఒక్కటీ గాలిలా తిరిగింది. బిగించగానే మళ్లీ బరువు. అంటే చక్రంలో లేదు, లోపల ఇరుసు, సూది కడ్డీ, షటిల్ ఈ మూడింట్లో ఎక్కడో పట్టు ఉంది.

ఎడమ పక్క రేకు మర విప్పాను. సూది కడ్డీ చుట్టూ తెల్లగా, మైనం పూసినట్టుంది. వేలితో తీసి రెండు వేళ్ల మధ్య నలిపాను. ఒంటి వేడికి క్షణంలో కరిగి నూనె అయిపోయింది. వాసన చూడక్కర్లేదు, అయినా చూశాను.

"మామ్మగారూ, మిషనుకి ఏ నూనె వేస్తున్నారండీ?"

"మిషను నూనె సీసా ఎప్పుడో ఎండిపోయింది నాయనా. దసరాకి మిషను తీసినప్పుడు మన కొబ్బరి నూనే వేశాను. గానుగలో ఆడించింది, స్వచ్ఛమైంది. వారానికోసారి పిల్ల చేత వేయిస్తున్నాను."

కేసు అక్కడ తేలిపోయింది. కొబ్బరి నూనె ఇంచుమించు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అక్టోబరులో మన వైపు తెల్లవారుజామున కూడా ఉక్కే కాబట్టి నూనె నూనెలాగే ఉంది, మిషను తేలిగ్గా తిరిగింది. నవంబరు చివరికి మంచు మొదలైంది. తలకి రాసుకునే నూనె సీసాలో పేరుకున్నట్టే మిషను లోపల కూడా పేరుకుంది. దానికి మూడేళ్ల పాత జిడ్డు, గుడ్డల నూగు కలిసి ముద్దయింది. పొద్దున ఆరింటికి ఆ పిల్ల తొక్కుతున్నది మైనంలో ఇరుక్కున్న ఇరుసుని. మధ్యాహ్నం ఎండకి కరగడం వల్ల ఆదివారం మిషను మాట వినేది. పిల్ల మిషను సరిగా తిరగట్లేదన్న భయంతో ఇంకా ఎక్కువ నూనె వేసింది, అది ఇంకా ఎక్కువ పేరుకుంది.

ఈ మాట నోటితో చెబితే మామ్మగారు నమ్మేవారు కాదేమో. అందుకని ఏమీ శుభ్రం చెయ్యకుండా ముందు ఆవిడ చెయ్యి పట్టుకుని చక్రం మీద వేయించి తిప్పించాను. "బరువుగా ఉంది" అన్నారు. తరవాత తల విప్పి, వసారా అంచున ఎండ పడే చోట గోనె పట్టా మీద పెట్టాం. పిల్ల ఆ రోజు కాలేజీ మానేసింది. పదకొండున్నరకి నల్ల ఇనుము ముట్టుకుంటే వెచ్చగా ఉంది. మళ్లీ ఆవిడ చెయ్యి చక్రం మీద పెట్టాను. ఒక్క చుక్క నూనె కూడా కొత్తగా వెయ్యలేదు. చక్రం వేలి కొసతో తిరిగింది.

మామ్మగారు చాలాసేపు చక్రాన్ని అలా తిప్పుతూనే ఉన్నారు. తరవాత "పొద్దున్నే లేపి కూర్చోబెట్టి, మోకాలు తన్నుతోందని దీన్ని ఎన్ని మాటలన్నానో" అన్నారు. పిల్ల వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది. నేను కాసేపు బయటికి వెళ్లి నిలబడ్డాను.

శుభ్రం చెయ్యడం పెద్ద విద్య కాదు, ఓపిక కావాలి. నూనె కరిగి ఉన్నప్పుడే, అంటే ఎండలో వెచ్చబడ్డాకే మొదలుపెట్టాలి. ముందు పాత గుడ్డతో అందినంత మేరా తుడిచేశాను. సూది, ఫుట్, బాబిన్ కేసు తీసేశాను. షటిల్ పట్టుకునే రింగు విప్పి షటిల్ బయటికి తీస్తే లోపల గాడిలో గోధుమరంగు ముద్ద. అగ్గిపుల్లకి గుడ్డ చుట్టి దాన్ని లాగేశాను. ఆ తరవాత తల పైనా, వెనకా, కిందా ఉన్న నూనె రంధ్రాలన్నిట్లో రెండేసి చుక్కలు కిరసనాయిలు వేసి, దారం లేకుండా చక్రం ఒక ఐదు నిమిషాలు చేత్తో తిప్పాను. మడ్డి కిందికి దిగింది. తుడిచాను. మళ్లీ వేశాను. మూడోసారికి కారింది తేటగా వచ్చింది. కిరసనాయిలు వాడేటప్పుడు దగ్గర్లో పొయ్యీ, దీపం ఏవీ ఉండకూడదు. పని అయ్యాక ఇంకిపోనిచ్చి, వెంటనే అసలు మిషను నూనె వెయ్యాలి. కిరసనాయిలు జిడ్డుని కడుగుతుంది కానీ ఇనుముకి రక్షణ ఇవ్వదు. అలా వదిలేస్తే మన తేమకి వారంలో తుప్పు పడుతుంది.

మిషను నూనె ఒక్కో రంధ్రానికి ఒక్క చుక్క. షటిల్ గాడిలో ఒక చుక్క. స్టాండులో పెడల్ ఇరుసులకి చెరొక చుక్క. తరవాత పాత గుడ్డ పెట్టి దారం లేకుండా తొక్కి, ఎక్కువైన నూనె ఆ గుడ్డకి అంటేలా చేశాం. లేకపోతే మొదట కుట్టిన గుడ్డకే మరక పడుతుంది.

ఇంతటితో అయిపోతే ఇది రాయాల్సినంత కేసు కాదు.

తల బిగించి బెల్టు వేసి, పిల్లని కూర్చోమన్నాను. పది సార్లు మొదలుపెట్టి ఆపమన్నాను. మధ్యలో ఎక్కడా ఆగలేదు. కానీ పదింట్లో రెండుసార్లు మొదలుపెట్టగానే చక్రం వెనక్కి తిరిగింది. పిల్ల నా వైపు భయంగా చూసింది.

ఇది మాత్రం కాలిదే. రెండింటికీ తేడా ఇలా తెలుస్తుంది. మిషను బరువుగా ఉంటే చక్రం నడుస్తూ నడుస్తూ మధ్యలో నీరసించి ఆగుతుంది, ఆగిన చోటి నుంచి వెనక్కి జారుతుంది. ఎవరు తొక్కినా అంతే. కాలి తప్పయితే మొదటి నొక్కులోనే వెనక్కి పోతుంది, ఒకసారి ముందుకి అందుకుందంటే ఇక ఆగదు. ఆ పిల్ల చిరిగిన కాగితాలు మళ్లీ తీసి చూస్తే రెండు రకాలూ ఉన్నాయి. గీత మధ్యలో చిరుగులు కొబ్బరి నూనెవి. గీత మొదట్లోనే ఉన్న చిరుగులు కాలివి. అక్టోబరు కాగితాల్లో కూడా మొదట్లో చిరిగినవి రెండు మూడు ఉన్నాయి. పొద్దున నేను వాటిని గమనించలేదు.

కారణం ఇది. పెడల్ నుంచి కింద చక్రానికి ఒక కడ్డీ ఉంటుంది. ఆ కడ్డీ సరిగ్గా పైకొసన గానీ కిందికొసన గానీ ఉన్నప్పుడు కాలితో ఎంత నొక్కినా చక్రం తిరగదు. దానికి ఏ వైపు తిరగాలో తెలియదు. ఆ కొస దాటి కాస్త అటు ఉంటే ముందుకి, కాస్త ఇటు ఉంటే వెనక్కి పోతుంది. అందుకే మొదటి కదలిక ఎప్పుడూ చేత్తో రావాలి. తల పక్క చక్రాన్ని మన వైపుకి తిప్పాలి. అలా తిప్పుతున్నప్పుడు పాదాలు పెడల్ మీద ఊరికే ఆనించి ఉంచితే పెడల్ ఏ వైపు దిగుతోందో పాదానికి తెలుస్తుంది. వేళ్ల వైపు దిగుతుంటే వేళ్లతో, మడమ వైపు దిగుతుంటే మడమతో నొక్కాలి. దిగుతున్న వైపే నొక్కాలి.

నేను ఇదంతా చెబుతుంటే మామ్మగారు అడ్డొచ్చారు. "మొదటి రోజే చెప్పాను నాయనా. చెయ్యి ముందు, కాలు వెనక అని."

"చెప్పింది మామ్మ. నేనే మానేశాను. కాలితో మొదలుపెడితే తొందరగా అయిపోతుందని" అంది పిల్ల తల దించుకుని. మిషను తేలిగ్గా ఉన్న అక్టోబరులో చెయ్యి వెయ్యకపోయినా చాలాసార్లు ముందుకే వెళ్లింది. అదృష్టం కొద్దీ వెళ్లిందని తెలియక అదే అలవాటు చేసుకుంది. బరువెక్కాక ఆ అలవాటు బయటపడింది. కాకపోతే అప్పుడు రెండు తప్పులూ కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు.

ఆ మధ్యాహ్నం మామ్మగారు ఒక పని చేశారు. పిల్ల కుడి చేతిని చక్రం మీద పెట్టి దాని మీద తన చెయ్యి పెట్టారు. ఎడమ చెయ్యి మోకాలి మీద. "తిప్పు. దిగుతోందా? ఏ వైపు? నొక్కు. ఆపు. మళ్లీ." ఇంతే. ఇరవై ముప్పై సార్లు. చివరి పది పన్నెండు సార్లలో ఒక్కసారి కూడా వెనక్కి పోలేదు. నా అనుభవంలో చూసి నేర్చుకున్నదానికన్నా ఇలా ముట్టుకుని నేర్చుకున్నది ఎక్కువ రోజులు నిలుస్తుంది.

దారం ఎక్కించి గుడ్డ మీద కుట్టిస్తే ఇంకొకటి కనబడింది. పైన కుట్టు బాగుంది, కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది. కింద ఉచ్చులు కనబడుతున్నాయి కదా అని పిల్ల బాబిన్ కేసు మీది చిన్న మరని వారం రోజులుగా బిగిస్తూ వచ్చింది. చాలామంది చేసే పొరపాటే ఇది. గుడ్డ కింద ఉచ్చులు వేలాడేది పైదారం వదులైనప్పుడు. పైదారాన్ని పట్టి ఉంచాల్సిన టెన్షన్ రేకుల మధ్యకి అది వెళ్లకపోతే కిందికి ఎంత కావాలంటే అంత జారిపోతుంది. పిల్ల ఫుట్ దించి దారం ఎక్కిస్తోంది. ఫుట్ దించి ఉంటే రేకులు మూసుకుని ఉంటాయి, దారం లోపలికి దిగకుండా పైపైన ఉండిపోతుంది. ఫుట్ ఎత్తి ఎక్కిస్తే సరిపోయింది. బిగించిన బాబిన్ మరని మళ్లీ వదులు చెయ్యాల్సి వచ్చింది. దానికి కొలత సులువు. బాబిన్ కేసుని దారంతో పట్టుకుని వేలాడదీస్తే కిందికి జారకూడదు. చేతిని చిన్నగా కుదిపితే ఒక అంగుళమో రెండు అంగుళాలో దిగి ఆగాలి.

సాయంత్రం పంటుకి నేను వచ్చేశాను. మిషను నూనె సీసా ఒకటి ఇచ్చి, నెల తరవాత పొద్దున్నే వచ్చి చూస్తానన్నాను. ఇలాంటి కేసుని మధ్యాహ్నం వెళ్లి బాగయిందని తేల్చడం కుదరదు. చలిలోనే చూడాలి.

సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు ఏడింటికి వెళ్లాను. ఆ పొద్దున కూడా మంచుంది. వాళ్ల వంటింటి గూట్లో కొబ్బరి నూనె సీసా అడుగు దాకా తెల్లగా గడ్డకట్టి ఉంది. మిషను చక్రం మాత్రం వేలితో తిరిగింది. పిల్లని కూర్చోబెట్టి కాగితం మీద నాలుగు గీతలు కుట్టించాను. చిరుగు లేదు.

మామ్మగారి ఒంటి మీద కొత్త జాకెట్టు ఉంది. మనవరాలు కుట్టిన మొదటి జాకెట్టు, పండక్కి వేసుకున్నారు. దాని సంగతి ఆవిడే చెప్పారు. కొలతలకి టేపు వాడలేదు, తన పాత జాకెట్టు ఒకటి కుట్లు విప్పించి ముక్కలు గుడ్డ మీద పరిచి గీయించారు. 80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్క, అందులో తప్పుకి చోటు లేదు. వీపు, ముందు భాగాలు, చేతులు అన్నీ కత్తిరించి, చేతుల అంచులు మడిచి కుట్టేసింది పిల్ల. చంక దగ్గర చేతులు అతికించబోతుంటే మామ్మగారు రెండు చేతుల ముక్కలూ ఒళ్లోకి తీసుకుని, పైన గుండ్రంగా ఉండే అంచు వెంట బొటనవేలు పోనిచ్చారు. చేతి ముక్క పైఅంచులో ముందు వైపు వంపు వెనక వైపు కన్నా ఒక సెంటీమీటరు వరకు లోతుగా ఉంటుంది. చెయ్యి ముందుకి చాపినప్పుడు గుడ్డ మడతపడి పొడుచుకోకుండా ఆ లోతు కాపాడుతుంది. ఆవిడ వేలికి రెండు ముక్కల్లోనూ లోతు ఒకే వైపు తగిలింది. రెండూ కుడి చేతులే.

గుడ్డ రెండు మడతలు వేసి ఒకేసారి కత్తిరిస్తే ఒకటి కుడిది, ఒకటి ఎడమది వస్తాయి. పిల్ల ముక్క సరిపోదేమోనని విడివిడిగా, పాత జాకెట్టు చేతి ముక్క ఒకదాన్నే ఒకే వైపు పెట్టి రెండుసార్లు గీసింది. మిగిలిన గుడ్డ లేదు. పిల్ల ఏడుపు ముఖం పెట్టిందట.

"ఏడవకే. అంచు కుట్టు విప్పి ఒకటి తిరగెయ్యి" అన్నారు మామ్మగారు.

అది సాదా టూ బై టూ రూబియా. పూలు లేవు, జరీ లేదు. లోపలి వైపుకీ బయటి వైపుకీ తేడా ఉండదు. తిరగేస్తే కుడి చెయ్యి ఎడమ చెయ్యి అయిపోతుంది. ఒక్క అంచు విప్పి రెండో వైపుకి మడిచి కుట్టుకుంటే చాలు. పిల్ల కొట్లో పూల గుడ్డ కావాలని మారాం చేసినా మొదటి జాకెట్టుకి మామ్మగారు పట్టుబట్టి సాదా గుడ్డ తెప్పించింది ఇందుకే. తను నేర్చుకున్న రోజుల్లో తనకీ రెండు చేతులూ ఒక వైపువే వచ్చాయని, అప్పుడది పూల గుడ్డని అన్నారు.

ఆ జాకెట్టు చంకల దగ్గర చూశాను. ఎడమ చేతి అంచున పాత కుట్టు విప్పిన సన్నటి కన్నాల వరస కొంచెం తెలుస్తోంది. భుజం దగ్గర ఒక చిన్న ముడత ఉంది. కుట్టు మాత్రం పైనా కిందా సమంగా, ఎక్కడా తెగకుండా ఉంది.

ఒకటి మాత్రం ఇంకా మిగిలి ఉంది. ఫాల్ కుట్టేటప్పుడు, గుడ్డ నాలుగు పొరలైన చోట ఒకటి రెండు కుట్లు జారిపోతున్నాయి. సూది మార్చి చూశాను. సూది పొడుగు గాడి దారం వచ్చే వైపుకే ఉంది, చదును రెండో వైపుకి ఉంది, అందులో తప్పు లేదు. షటిల్ విప్పి వెలుగులో చూస్తే దాని మొన దగ్గర తుప్పు తిన్న గుంట ఉంది. మూడేళ్లు మూలన పడి ఉన్నప్పుడు పట్టిందే అయ్యుంటుంది. సన్నటి ఎమరీ కాగితంతో కాస్త నునుపు చేశాను గానీ మొన అరిగిపోతే ఉచ్చు అందదు కాబట్టి ఇంకా రుద్దలేదు. పల్చటి గుడ్డకి ఇబ్బంది లేదు. ఆ తలకి సరిపోయే షటిల్ దొరకగానే తెస్తానని చెప్పాను. పిల్ల ఆ మాట తన కాగితాల కట్ట మీద తేదీ వేసి రాసుకుంది.